ఫ్రీలాన్స్ డెవలపర్ పన్ను లెక్క: ఖర్చుల బిల్లుల కన్నా ఇన్వాయిస్‌లే ముఖ్యం

పర్లాకిమిడిలో మేడ మీద గదిలో కూర్చుని అమెరికా కంపెనీకి కోడ్ రాసే డెవలపర్‌కు జీతం స్లిప్ ఉండదు, ఫారం 16 ఉండదు, పన్ను కోసుకుని మిగతాది చేతికిచ్చే యజమాని కూడా ఉండడు. డాలర్లు వస్తాయి, బ్యాంకు వాటిని రూపాయలు చేసి ఖాతాలో వేస్తుంది, అంతే. విదేశీ క్లయింటు మన టీడీఎస్ కోయడు కాబట్టి పన్ను శాఖలో మన పాన్ మీద కోతలన్నీ చూపించే 26ఏఎస్‌లో ఆ రాబడి జాడే కనిపించదు. దాంతో ఇది పన్ను లెక్కలోకి రాని డబ్బేమో అన్న అనుమానం కొందరికి వస్తుంది.

ఆ అనుమానానికి ఇంకో కారణం కూడా ఉంది. పర్లాకిమిడి, బరంపురం వైపు గల్ఫ్ నుంచి అన్నో బావో డబ్బు పంపే ఇళ్లు కొత్తేమీ కాదు. అలా దగ్గరి బంధువు పంపిన డబ్బుకు ఇక్కడ అందుకున్నవాళ్లు పన్ను కట్టక్కర్లేదు. అది బంధువు అక్కడ సంపాదించి ఇంటికి పంపినది. డెవలపర్ సంగతి అది కాదు. మనిషి ఇక్కడే ఉంటున్నాడు, పని ఇక్కడే చేస్తున్నాడు. డబ్బు ఏ దేశం నుంచి వచ్చినా అది ఇక్కడ సంపాదించిన ఆదాయమే, పూర్తిగా ఇక్కడి పన్ను పరిధిలోదే.

ఆ సంగతి తెలిశాక చాలామంది చేసే మొదటి పని బిల్లులు పోగెయ్యడం. లాప్‌టాప్ బిల్లు, వైఫై బిల్లు, కుర్చీ బిల్లు, కరెంటు బిల్లు అన్నీ ఒక కవరులో పడతాయి. మంచిదే. కానీ చాలామంది ఫ్రీలాన్సర్ల విషయంలో ఆ కవరు పన్నును ఒక్క రూపాయి కూడా తగ్గించదు. తగ్గించేది, తేడా వస్తే ఇరికించేది కూడా రాబడి వైపు కాగితాలే. ఎందుకో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

వృత్తి ఆదాయానికి పన్ను లెక్క కట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి అసలు లెక్క: వచ్చినదంతా రాసి, వృత్తి కోసమే పెట్టిన ఖర్చులు తీసేసి, మిగిలిన లాభం మీద పన్ను కట్టడం. రెండోది ఊహా లెక్క. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ ప్రకారం మొత్తం రాబడిలో సగాన్ని లాభంగా చూపిస్తే చాలు. మిగతా సగం ఖర్చుల కిందే పోయిందని చట్టమే అనుకుంటుంది. ఏ ఖర్చుకూ బిల్లు అడగదు, పద్దు పుస్తకాలు రాయమనదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్ల వంటి కొన్ని వృత్తులకే ఈ వెసులుబాటు ఉంది. 2001లో ఇన్ఫర్మేషన్ టెక్నాలజీని కూడా ఆ వృత్తుల జాబితాలో చేరుస్తూ నోటిఫికేషన్ ఇచ్చారు కాబట్టి సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవారు ఇందులోకి వస్తారు. ఏడాది రాబడి 50 లక్షలు దాటకూడదు. నగదు రూపంలో వచ్చినది మొత్తంలో 5 శాతానికి మించకపోతే ఆ పరిమితి 75 లక్షలు. విదేశీ డబ్బంతా బ్యాంకు ద్వారానే వస్తుంది కాబట్టి వీరికి ఆచరణలో వర్తించేది 75 లక్షలే.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. అందులో ఈ ఊహా లెక్క 58వ సెక్షన్‌లో ఉంది. 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే. కింది లెక్క ఆ సంవత్సరానిది, కొత్త పన్ను విధానం శ్లాబులతో వేసినది.

పర్లాకిమిడి డెవలపర్ ఒకరిని ఊహించుకుందాం. ఒక అమెరికా కంపెనీకి నేరుగా పని చేసి ఏడాదికి 18 లక్షల రూపాయల విలువైన ఇన్వాయిస్‌లు పంపారు. ఒక ఫ్రీలాన్స్ ప్లాట్‌ఫాం ద్వారా చిన్న చిన్న పనులు చేసి మరో 9 లక్షలు. మొత్తం రాబడి 27 లక్షలు. 44ఏడీఏ కింద లాభం 13.5 లక్షలు. శ్లాబుల ప్రకారం మొదటి 4 లక్షలకు ఏమీ లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20,000, ఆ పై 4 లక్షలకు 10 శాతం చొప్పున 40,000, మిగిలిన లక్షన్నరకు 15 శాతం చొప్పున 22,500. మొత్తం 82,500. దానిపై 4 శాతం సెస్ కలిపితే 85,800.

ఇదే మనిషి బిల్లుల కవరు విప్పి అసలు లెక్క వేశారనుకుందాం. ప్లాట్‌ఫాం కమీషన్ 90,000. డాలర్లు దారిలో ఉండగా మధ్య బ్యాంకులు కోసుకున్నవి 24,000. క్లౌడ్ సర్వర్లు, టూల్స్ సబ్‌స్క్రిప్షన్లు 60,000. అకౌంటెంట్ ఫీజు 30,000. కరెంటులో పని గది వాటా 18,000, ఇంటర్నెట్ 12,000, ఫోన్ 6,000. లాప్‌టాప్ 1,20,000 పెట్టి కొన్నారు, కానీ అది మొత్తం ఒకే ఏడాది ఖర్చు కాదు. కంప్యూటర్ మీద ఏడాదికి 40 శాతం తరుగుదల మాత్రమే రాసుకోవచ్చు. అది కూడా ఆ ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే సగమే. అక్టోబరు 15న కొని వాడటం మొదలుపెట్టారు, మార్చి 31కి 168 రోజులే అయ్యాయి. కాబట్టి 20 శాతం, అంటే 24,000. దసరా ఆఫర్లలో కొనేవారు ఆ తేదీ లెక్క ముందే చూసుకోవాలి: అక్టోబరు మొదటి మూడు నాలుగు రోజులు దాటితే ఆ ఏడాదికి సగం తరుగుదలే.

అన్నీ కలిపితే ఖర్చు 2,64,000. రాబడిలో పదో వంతు కూడా కాదు. లాభం 24,36,000, దాని మీద పన్ను సెస్‌తో కలిపి 3,23,232. ఊహా లెక్కలో 85,800 అయ్యేది అసలు లెక్కలో నాలుగు రెట్ల దగ్గరకు వచ్చింది. ఇంట్లో కూర్చుని ఒంటరిగా పనిచేసే డెవలపర్‌కు ఎంత శ్రద్ధగా బిల్లులు దాచినా సగం ఖర్చు తేలడం దాదాపు అసాధ్యం. అందుకే ఇలాంటి వారికి ఊహా లెక్కే లాభం.

రాబడి 24 లక్షల లోపు ఉంటే సంగతి ఇంకా తేలిక. అందులో సగం 12 లక్షలు, కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది కాబట్టి వేరే ఆదాయాలేవీ లేకపోతే పన్ను సున్నా. రిటర్ను మాత్రం వెయ్యాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పన్ను లేని పరిమితి 12.75 లక్షలని అందరూ అనడం విని ఫ్రీలాన్సర్లు కూడా అదే లెక్కలో ఉంటారు. ఆ 75,000 జీతగాళ్లకిచ్చే స్టాండర్డ్ డిడక్షన్. ఫ్రీలాన్సర్‌కు అది లేదు.

మరి బిల్లుల కవరు ఎప్పుడు పనికొస్తుంది? పని పంచుకునే మనుషులు వచ్చినప్పుడు. పై డెవలపర్ రాయగడలో ఒకరికి, జయపురంలో ఒకరికి పని అప్పగించి ఏడాదికి 15 లక్షలు ఇచ్చారనుకుందాం. అప్పుడు మొత్తం ఖర్చు 17,64,000, లాభం 9,36,000 మాత్రమే. అసలు లెక్కలో వెళితే పన్ను సున్నా, ఊహా లెక్కలో వెళితే చేతికి రాని డబ్బుకు 85,800 కట్టాలి. కానీ సగం కన్నా తక్కువ లాభం చూపిస్తూ, మొత్తం ఆదాయం శ్లాబు మొదలయ్యే 4 లక్షల పరిమితిని దాటితే చట్టం రెండు షరతులు పెడుతుంది. పద్దు పుస్తకాలు రాయాలి, వాటిని సీఏ చేత ఆడిట్ చేయించాలి. ఆడిట్ చేయించకపోతే రాబడిలో అర శాతం వరకు జరిమానా పడొచ్చు, ఈ లెక్కన 13,500.

అసలు లెక్కలో వెళ్లేవారికి ప్రతి ఖర్చూ 'పూర్తిగా వృత్తి కోసమే' అన్న ఒక్క పరీక్షలో నిలబడాలి. ఇల్లూ ఆఫీసూ ఒకటే అయినప్పుడు తగువంతా ఇక్కడే. కరెంటు బిల్లు నాన్నగారి పేరున, ఒడియాలో వస్తుంది. అది అడ్డంకి కాదు. పని గదికి ఎంత వాటా అన్నది ఒక పద్ధతిగా తేల్చి, ఏడాది పొడవునా అదే వాటా చూపించి, ఆ డబ్బు తన ఖాతా నుంచి వెళ్లినట్టు ఉంచుకోవాలి. నాన్నగారికి గది అద్దె ఇచ్చినట్టు చూపించాలంటే ఆ అద్దె ఆయన ఆదాయంలో కనిపించాలి, చుట్టుపక్కల అద్దెలతో పోలిస్తే అతిగా ఉండకూడదు. పని పంచుకున్నవారికి డబ్బు ఖాతాలోనే వెయ్యాలి. ఒకరికి ఒకే రోజున 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. వారు పంపిన ఇన్వాయిస్, ఏ పని చేశారో తెలిపే మెయిల్ రెండూ ఉంటే ఆడిటరు దగ్గర మాట నిలబడుతుంది.

ఒక ఏడాది ఊహా లెక్క, మరో ఏడాది అసలు లెక్క అంటూ మారవచ్చా అన్న టెన్షన్ కొందరికి ఉంటుంది. ఒకసారి బయటికొస్తే ఐదేళ్లు తిరిగి రాలేరన్న నిబంధన చిన్న వ్యాపారాల 44ఏడీకి ఉంది, 44ఏడీఏకి లేదు. ఈ రెండు సెక్షన్ల పేర్లు దగ్గరగా ఉండటం వల్ల జరిగే ఇంకో తప్పు చాలా పెద్దది. 44ఏడీలో బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బుకు 6 శాతమే లాభం. రిటర్నులు నింపిపెట్టే కొన్ని చోట్ల డెవలపర్ల చేత ఆ గడి టిక్ చేయిస్తారు. 27 లక్షలకు 1,62,000 ఆదాయం, పన్ను లేదు, ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ పైన చెప్పిన జాబితాలోని వృత్తులకు 44ఏడీ వర్తించదు. సొంతంగా తయారు చేసిన యాప్ అమ్ముకుంటే అది వ్యాపారమేనని వాదించడానికి ఎంతోకొంత ఆధారం ఉండొచ్చు. గంటల లెక్కన క్లయింటుకు కోడ్ రాసిపెట్టేవారికి ఆ వాదన నిలవదు. నోటీసు వస్తే పన్నుతో పాటు వడ్డీ, తక్కువ ఆదాయం చూపించినందుకు పెనాల్టీ కలిసి వస్తాయి.

ఇప్పుడు రాబడి వైపు. సగం లెక్క కట్టేది దేనిలో సగం? చాలామంది బ్యాంకు స్టేట్‌మెంటులో క్రెడిట్లు కూడి సగం చేస్తారు. పై ఉదాహరణలో బ్యాంకులో పడింది 25,86,000 మాత్రమే, ఎందుకంటే ప్లాట్‌ఫాం 90,000, మధ్య బ్యాంకులు 24,000 ముందే తీసేసుకున్నాయి. అందులో సగం 12,93,000, పన్ను 76,908. సరైన దానికన్నా 8,892 తక్కువ. కమీషన్ అన్నది ఖర్చు. ఖర్చులన్నీ ఆ సగంలోనే అయిపోయాయని చట్టం అనుకున్నాక కమీషన్‌ను పైన ఇంకోసారి తీసెయ్యడానికి లేదు. మొత్తం రాబడి అంటే క్లయింటుకు వేసిన బిల్లు మొత్తం.

అందుకే ఊహా లెక్క వేసేవారికి కూడా ఒక షీటు తప్పదు. ఖర్చులది కాదు, ఇన్వాయిస్‌లది. ప్రతి ఇన్వాయిస్‌కు ఒక వరస. ఉదాహరణకు అక్టోబరు ఇన్వాయిస్ 1,700 డాలర్లు, ఖాతాకు చేరినవి 1,677 డాలర్లు, బ్యాంకు ఇచ్చిన రేటు 88 రూపాయలు, జమ అయినది 1,47,576. రాబడి గడిలో రాయాల్సింది మాత్రం 1,700 డాలర్లకు 1,49,600. పక్కనే ఆ జమకు బ్యాంకు ఇచ్చిన విదేశీ రెమిటెన్స్ పత్రం నంబరు. ప్లాట్‌ఫాం డబ్బుకైతే అక్కడి నుంచి నెలవారీ ఎర్నింగ్స్ రిపోర్టు దించుకుంటే కమీషన్ వేరుగా, మొత్తం వేరుగా కనిపిస్తాయి. ఏడాది చివర్న దించుదామని వదిలేస్తే, ఖాతా మూసేసినా సస్పెండ్ అయినా ఆ రిపోర్టు దొరకదు. నెలనెలా దించుకోవడమే మేలు.

మార్చి 28న పంపిన ఇన్వాయిస్‌కు డబ్బు ఏప్రిల్‌లో వస్తే ఏ ఏడాదిది? బిల్లు వేసిన రోజునే రాబడిగా రాసే పద్ధతి ఒకటి, డబ్బు చేతికి వచ్చినప్పుడు రాసే పద్ధతి ఒకటి, రెండూ చట్టానికి సమ్మతమే. ఏదో ఒకటి పట్టుకుని ఏటా అదే పాటించాలి. మొదటి పద్ధతిలో ఉన్నవారికి ఆ రాని డాలర్లను రూపాయలు చెయ్యడానికి రూల్ 115 ఉంది: మార్చి 31న స్టేట్ బ్యాంకు ప్రకటించిన టీటీ బయింగ్ రేటు, అంటే డాలర్లు కొనేటప్పుడు బ్యాంకు ఇచ్చే రేటు. గూగుల్‌లో కనిపించే రేటు కాదు. అంతకు ముందే ఇక్కడికి వచ్చేసిన డబ్బుకు బ్యాంకు అసలు మార్చి ఇచ్చిన రేటే.

రెమిటెన్స్ పత్రంలో చూడాల్సినది ఒకటుంది, పర్పస్ కోడ్. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి P0802. చిన్న ఊరి బ్రాంచీలో విదేశీ డబ్బు అనగానే కుటుంబ పోషణకు వచ్చిందనుకుని P1301 వేసేసే ప్రమాదం ఉంది, గల్ఫ్ డబ్బుకు అలవాటుపడిన చోట మరీ. కోడ్ తప్పు పడితే పన్ను మారదు. కానీ ఇది ఎగుమతి సేవకు వచ్చిన డబ్బేనని జీఎస్టీ వాళ్లకు చూపించాల్సి వచ్చినప్పుడు బ్యాంకు కాగితమే వేరే మాట చెబుతుంది. మొదటి రెమిటెన్స్ రాగానే పత్రం అడిగి కోడ్ చూసుకుని, తప్పుంటే ఇన్వాయిస్, కాంట్రాక్టు జతచేసి దిద్దమని బ్రాంచీకి లిఖితంగా ఇవ్వాలి. ఏడాది తర్వాత అడిగితే తిప్పలు.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి, సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు, ఎగుమతి రాబడి కూడా అందులో కలుస్తుంది. 27 లక్షలవారు రిజిస్టర్ కావాల్సిందే. ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఏటా దాఖలు చేస్తే ఎగుమతి మీద 18 శాతం ముందు కట్టి వాపసు అడిగే పని తప్పుతుంది. ఆదాయపు పన్ను ఏ రాష్ట్రంలో ఉన్నా ఒకటే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ మాత్రం పని ఎక్కడి నుంచి జరుగుతోందో ఆ రాష్ట్రానిది. పర్లాకిమిడిలో ఇల్లు ఉండి, సరిహద్దు దాటి పాతపట్నంలో గది తీసుకుని అక్కడ పని చేసేవారికి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్. పాన్ మీద ఉన్న చిరునామా ఒడిశాది అయినా సరే.

రిటర్ను ఫారం దగ్గర మరో మెలిక. ఊహా లెక్కకు సాధారణంగా ఐటీఆర్-4 వేస్తారు. కానీ విదేశంలో ఆస్తి ఉన్నవారు ఐటీఆర్-4 వెయ్యకూడదు. మాకు విదేశాల్లో ఆస్తులెక్కడివి అనుకుంటారు గానీ, క్లయింటు డబ్బు కోసం తెరిచిన విదేశీ వాలెట్‌లో సొంత పేరున డాలర్లు నిల్వ ఉంచుకోవడం, క్లయింటు కంపెనీ ఇచ్చిన షేర్లు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. అలాంటప్పుడు ఐటీఆర్-3లో 44ఏడీఏ చూపిస్తూ, విదేశీ ఆస్తుల షెడ్యూల్ కూడా నింపాలి. ఆ షెడ్యూల్ ఆర్థిక సంవత్సరానికి కాదు, జనవరి నుంచి డిసెంబరు వరకు. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాని ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా లేదు గానీ, చూపించాల్సిన బాధ్యత మాత్రం పోలేదు. డాలర్లు నిల్వ ఉంచకుండా ఎప్పటికప్పుడు ఇక్కడి ఖాతాలోకి దించుకునేవారికి ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

ఇంటి రుణం తీసుకునే ఆలోచన ఉన్నవారు ఒకటి గమనించాలి. బ్యాంకు చూసేది రిటర్నులోని 13.5 లక్షలనే, ఖాతాలో పడిన 25 లక్షలను కాదు. సగం కన్నా ఎక్కువ లాభం చూపించుకోవడానికి చట్టంలో అడ్డు లేదు. ఎంత పన్ను ఎక్కువ కడితే ఎంత రుణం పెరుగుతుందో ఎవరి లెక్క వారు వేసుకోవాలి.

ఇక డబ్బు కట్టే తేదీ. టీడీఎస్ లేదు కాబట్టి 85,800 మొత్తం అడ్వాన్స్ టాక్స్‌గా తామే కట్టాలి. అసలు లెక్కలో ఉన్నవారికి జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో నాలుగు విడతలు. 44ఏడీఏ వారికి ఒకటే విడత, మార్చి 15. ఆ తేదీ మరచిపోయి జూలైలో రిటర్నుతో పాటు కడితే, విడత తప్పినందుకు ఒక శాతం 858, ఏప్రిల్ నుంచి జూలై వరకు నెలకు ఒక శాతం చొప్పున 3,432, కలిపి 4,290 వడ్డీ. పోర్టల్‌లో మార్చి 2026లో కట్టిన పన్నుకు అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 ఎంచుకుని ఉండాలి, రకం అడ్వాన్స్ టాక్స్ (100). అలవాటుగా 2025-26 నొక్కి ఉంటే డబ్బు ప్రభుత్వానికి చేరుతుంది గానీ రిటర్నులో కనిపించదు, బాకీ ఉన్నట్టు డిమాండ్ నోటీసు వస్తుంది. చలానా చేతికి రాగానే ఆ రెండు గడులు చూసుకుంటే, తప్పున్నా పోర్టల్‌లోనే దిద్దించుకునే వీలుంటుంది.